తెనాలి దగ్గర పొలం అమ్మితే పన్ను ఉంటుందా? ఆరు కిలోమీటర్లు ఎక్కడి నుంచి కొలవాలి?

ప్రశ్న: తెనాలి దగ్గర మా ఊళ్లో ఎకరా 20 సెంట్ల మాగాణి ఈ ఆగస్టులో (2025) రూ.96 లక్షలకు అమ్మాను. డబ్బంతా బ్యాంకులోనే పడింది. ఆ పొలం నాన్నగారు 1988లో రూ.36,000కు కొన్నారు. 2016లో ఆయన పోయాక నా పేరిట వచ్చింది. మాది గ్రామ పంచాయతీ. తెనాలి బస్టాండు నుంచి 8.4 కిలోమీటర్లు, మున్సిపాలిటీ స్వాగత బోర్డు నుంచి రోడ్డు మీద 6.3 కిలోమీటర్లు. వ్యవసాయ భూమికి పన్నే లేదని అందరూ అంటున్నారు. మా ఆడిటరుగారు ఒక్కరే అనుమానం అంటున్నారు. నా జీతం ఏడాదికి రూ.6.75 లక్షలు. పొలం లొకేషను, దస్తావేజు వివరాలు జత చేశాను. ఎవరి మాట సరైనది?

సమాధానం:

మీ ఆడిటరుగారి అనుమానం సరైనదే. మీరు పంపిన లొకేషను పట్టుకుని కొలిస్తే, మున్సిపాలిటీ హద్దులో పొలానికి దగ్గరగా ఉన్న చోటు నుంచి సరళరేఖలో సుమారు 5.2 కిలోమీటర్లు వస్తోంది. తెనాలి విషయంలో గీత ఆరు కిలోమీటర్ల దగ్గర ఉంది. కాబట్టి ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో మీది పట్టణ వ్యవసాయ భూమి. అది మూలధన ఆస్తి అవుతుంది, అమ్మగా వచ్చిన లాభం మీద పన్ను ఉంటుంది. మీ చుట్టుపక్కల వాళ్లు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. గ్రామీణ వ్యవసాయ భూమికి నిజంగానే ఈ పన్ను లేదు. కానీ ఏది గ్రామీణం అనేది పంచాయతీ బోర్డునో పట్టాదారు పాసు పుస్తకాన్నో చూసి తేల్చేది కాదు.

సెక్షన్ 2(14) ముందుగా ఒక ప్రశ్న వేస్తుంది: పొలం ఏదైనా మున్సిపాలిటీ పరిధిలోనే ఉందా? ఆ మున్సిపాలిటీ జనాభా కనీసం పదివేలు ఉంటే దూరంతో పని లేదు, అది పట్టణ భూమే. పొలం బయట ఉంటే అప్పుడు దూరం చూడాలి. మున్సిపాలిటీ జనాభా పదివేలు దాటి లక్ష వరకు ఉంటే హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష దాటి పది లక్షల వరకు ఉంటే 6, పది లక్షలు దాటితే 8. ఆ దూరం లోపల ఉన్నది పట్టణ భూమి, దాటితే గ్రామీణ భూమి. నగరపాలక సంస్థ, నగర పంచాయతీ, కంటోన్మెంటు బోర్డు, పేరు ఏదైనా ఇదే లెక్క.

ఇక్కడ చూడాల్సింది మీ ఊరి జనాభా కాదు, పక్కనున్న పట్టణం జనాభా. అదీ ఇవాళ్టి అంచనా కాదు. అమ్మిన ఆర్థిక సంవత్సరం మొదలయ్యేనాటికి ప్రచురితమైన చివరి జనగణన అంకె. ఇప్పటికి అది 2011దే. తెనాలి మున్సిపాలిటీ 2011 జనాభా 1,64,937. అందుకే 6 కిలోమీటర్లు. ఇదే పొలం పొన్నూరు హద్దు నుంచి 5.2 కిలోమీటర్లలో ఉండి ఉంటే మీరు ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. పొన్నూరు 2011 జనాభా 60 వేలకు కాస్త తక్కువ కాబట్టి అక్కడ గీత రెండు కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. పొలానికి చుట్టూ రెండు మూడు పట్టణాలుంటే ప్రతిదానికీ విడివిడిగా చూడాలి. ఒక్కదాని గీత లోపల పడ్డా చాలు, అది పట్టణ భూమి అయినట్టే.

ఇక కొలత. ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. బస్టాండు, గడియార స్తంభం, మున్సిపల్ కార్యాలయం, వీటి నుంచి కొలిచే దూరానికి చట్టంలో విలువ లేదు. కొలవాల్సింది మున్సిపాలిటీ హద్దు నుంచి. రోడ్డు పక్కన స్వాగత బోర్డు హద్దు మీదే పాతి ఉంటుందని కూడా నమ్మకండి. బోర్డు ట్రాఫిక్ కనిపించే చోట పెడతారు. పైగా హద్దులో మీ పొలానికి అతి దగ్గరి బిందువు ఆ రోడ్డు మీదే ఉండాలని లేదు. మీ విషయంలో జరిగింది సరిగ్గా అదే. డెల్టాలో రోడ్డు కాలువ గట్టు పట్టుకుని తిరిగి, వంతెన దాటి మీ ఊరికి వస్తుంది. మున్సిపాలిటీ చివరి వార్డు మాత్రం ఆ కాలువకు అవతల పొలాల వైపు కాస్త ముందుకు చొచ్చుకొచ్చింది. అక్కడి నుంచి అడ్డంగా కొలిస్తే రోడ్డు మీది 6.3 కాస్తా 5.2 అయింది.

అడ్డంగా ఎందుకు కొలవాలంటే, 2013 ఆర్థిక చట్టంతో దూరాన్ని ఆకాశమార్గంలో కొలవాలని చట్టంలోనే రాశారు. 2013 ఏప్రిల్ 1 తర్వాత జరిగిన అమ్మకాలన్నిటికీ అదే వర్తిస్తుంది. అంతకు ముందు అమ్మకాలకు రోడ్డు దూరమే చూడాలని హైకోర్టులు చెప్పాయి, ప్రత్యక్ష పన్నుల బోర్డు కూడా 2015లో 17వ నంబరు సర్క్యులరుతో దానికి ఒప్పుకుంది. పాతకాలం దస్తావేజు లేఖరులు ఇంకా రోడ్డు దూరం మాట చెబుతున్నారంటే కారణం ఆ పాత తీర్పులే. రోడ్డు దూరం రాసి తహసీల్దారు ఇచ్చిన ధ్రువపత్రం తెచ్చుకుని నిశ్చింతగా కూర్చున్నవాళ్లను చాలామందిని చూశాను. నోటీసు వచ్చాక ఆ కాగితం వాళ్లకు ఎందుకూ పనికిరాలేదు.

మీరే ఒకసారి సరిచూసుకోండి. మున్సిపల్ కార్యాలయంలో టౌన్ ప్లానింగ్ విభాగం దగ్గర వార్డు హద్దులున్న పటం నకలు తీసుకోండి. మీ సర్వే నంబరు పొలం కొలతల పటం, అంటే ఎఫ్ఎంబీ నకలు గ్రామ సర్వేయరు దగ్గర దొరుకుతుంది. గూగుల్ ఎర్త్‌లో పొలం నాలుగు మూలలూ, దానికి ఎదురుగా ఉన్న వార్డు హద్దూ గుర్తించి, రూలర్ పనిముట్టులో గీత ఎంపిక పెట్టి కొలవండి. హద్దు మీద ఒక్క చోటుతో ఆగకుండా అటూ ఇటూ జరుపుతూ అన్నిటికన్నా తక్కువ వచ్చేది తీసుకోండి. తేదీతో సహా ముద్రించి దాచుకోండి. దూరం గీతకు రెండు మూడు వందల మీటర్ల అటూ ఇటూగా వస్తే మాత్రం ఫోను మీద కొలిచింది చాలదు. లైసెన్సు ఉన్న సర్వేయరుతో కొలిపించి, అక్షాంశ రేఖాంశాలతో నివేదిక రాయించుకోవాలి. మీకు దాదాపు 800 మీటర్ల తేడా ఉంది కాబట్టి ఎవరు కొలిచినా ఫలితం మారకపోవచ్చు.

ఇంకో సంగతి. హద్దు ఎప్పటిదనేది కూడా ముఖ్యం. భూమి చేతులు మారిన రోజున ఉన్న హద్దే లెక్క. మీకు ఉత్తరాన మంగళగిరి, తాడేపల్లి సంగతే చూడండి. రెండూ వేర్వేరు మున్సిపాలిటీలుగా ఉన్నప్పుడు 2011 జనాభా 73,613, 54,304. ఒక్కోదానికి రెండేసి కిలోమీటర్ల గీత. 2021లో చుట్టుపక్కల గ్రామాలతో సహా రెండింటినీ కలిపి నగరపాలక సంస్థ చేశారు. పాత రెండు పట్టణాల జనాభా కలిపితేనే లక్ష దాటిపోయింది. అంటే హద్దు బయటికి జరిగింది, ఆ జరిగిన హద్దు నుంచి గీత రెండు బదులు ఆరు కిలోమీటర్లయింది. 2020లో నిస్సందేహంగా గ్రామీణమైన పొలం 2022లో పట్టణ భూమిగా మారిందంటే రైతు చేసిందేమీ లేదు. హైదరాబాద్ చుట్టూ 2024 సెప్టెంబరులో 51 పంచాయతీలను పక్క మున్సిపాలిటీల్లో కలిపినప్పుడూ ఇదే జరిగింది. ఇలా కలిసిన చోట్ల, విలీనమైన గ్రామాల 2011 జనాభా కూడా కలిపి చూసుకోవడం క్షేమం. అధికారి కూడా అలాగే చూడవచ్చు. 2027 జనగణన అంకెలు ప్రచురితమయ్యాక, అప్పటికి లక్ష దాటి ఉన్న చిన్న పట్టణాల చుట్టూ ఈ గీతలు మళ్లీ జరుగుతాయి. అన్నట్టు, సీఆర్‌డీఏ పరిధి, హెచ్ఎండీఏ పరిధి అంటూ భయపడేవాళ్లున్నారు. పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉన్నంత మాత్రాన పొలం పట్టణ భూమి అయిపోదు. చట్టం మాట్లాడేది మున్సిపాలిటీ హద్దు గురించి.

ఇప్పుడు మీ లాభం లెక్క కడదాం.

అమ్మకం ధర రూ.96 లక్షలు. మీ దస్తావేజులో మార్కెట్ విలువ ఎకరాకు రూ.85 లక్షల చొప్పున రూ.1.02 కోట్లు అని ఉంది. ప్రభుత్వ విలువ కన్నా తక్కువకు అమ్మితే, ప్రభుత్వ విలువకే అమ్మినట్టు భావించి పన్ను వేయమంటుంది సెక్షన్ 50సి. అయితే పది శాతం వరకు తేడాను వదిలేస్తారు. మీ ధరకు పది శాతం కలిపితే రూ.1,05,60,000. ప్రభుత్వ విలువ అంతకు లోపలే ఉంది కాబట్టి రూ.96 లక్షలే తీసుకోవచ్చు. మీరు ఇంకో నాలుగు లక్షలు తగ్గించి అమ్మి ఉంటే పది శాతం సాయం అందేది కాదు, మొత్తం రూ.1.02 కోట్ల మీద లెక్క కట్టాల్సి వచ్చేది. మధ్యవర్తికి బ్యాంకు ద్వారా ఇచ్చిన ఒక శాతం, అంటే రూ.96,000, ధర నుంచి తీసేయవచ్చు. రసీదు ఉంది కదా, జాగ్రత్తగా ఉంచండి. మిగిలింది రూ.95,04,000.

ఇందులోంచి తీయాల్సింది కొన్న ఖరీదు. వారసత్వంగా వచ్చింది కాబట్టి మీకు ఖరీదు సున్నా అని ఎవరైనా అంటే నమ్మకండి. నాన్నగారి ఖరీదే మీ ఖరీదు, ఆయన అనుభవించిన కాలం కూడా మీ కాలంలో కలుస్తుంది. అందుకే ఇది దీర్ఘకాలిక లాభం. ఆయన కొన్నది 2001 ఏప్రిల్ 1కి ముందు కాబట్టి, రూ.36,000 బదులు 2001 ఏప్రిల్ 1 నాటి మార్కెట్ విలువను ఖరీదుగా పెట్టుకునే హక్కు మీకుంది. ఒకప్పుడు వాల్యుయరు ఎంత రాస్తే అంత పెట్టేవాళ్లు. 2020 నుంచి దానికి పగ్గం వేశారు. ఆ రోజున సబ్ రిజిస్ట్రారు కార్యాలయం పుస్తకంలో ఉన్న విలువను మించి పెట్టకూడదు. ఆ సర్వే నంబరుకు 2001 నాటి మార్కెట్ విలువ ధ్రువపత్రం కోసం దరఖాస్తు పెట్టండి. మీరు రాసినట్టు ఎకరాకు రూ.2.5 లక్షలే అయితే, ఎకరా 20 సెంట్లకు రూ.3 లక్షలు. ఈ అంకె ధ్రువపత్రంలో వేరుగా ఉంటే కింది లెక్క ఆ మేరకు మారుతుంది.

2024 జూలై 23 నుంచి జరిగిన అమ్మకాలకు దీర్ఘకాలిక లాభం మీద పన్ను 12.5 శాతం, ఇండెక్సేషన్ లేకుండా, అంటే ధరల పెరుగుదల సూచీ ప్రకారం కొన్న ఖరీదును పెంచి చూపకుండా. అయితే ఆ తేదీకి ముందు కొన్న భూమి, ఇల్లు అమ్మే భారత నివాసులకు ఇండెక్సేషన్‌తో 20 శాతం అనే పాత పద్ధతి కూడా వేసి చూసుకుని, రెండింటిలో తక్కువది కట్టే వీలు ఇచ్చారు. ప్రవాసులకు ఈ వెసులుబాటు లేదు. అమెరికాలో ఉన్న మీ అన్నయ్యగారి వాటా ఎప్పుడైనా అమ్మితే గుర్తుంచుకోండి.

కొత్త పద్ధతి:

95,04,000 − 3,00,000 = 92,04,000
12.5 శాతం పన్ను = 11,50,500

పాత పద్ధతికి 2001-02 సూచీ 100, ఈ ఏడాది 2025-26 సూచీ 376:

3,00,000 × 376 ÷ 100 = 11,28,000
95,04,000 − 11,28,000 = 83,76,000
20 శాతం పన్ను = 16,75,200

కొత్త పద్ధతే మీకు అయిదు లక్షలకు పైగా లాభం. ఇండెక్సేషన్ తీసేసి రైతును ముంచారని అప్పట్లో పెద్ద గొడవ జరిగింది కానీ, ధర బాగా పెరిగిన పొలాల విషయంలో అది నిజం కాదు. ఈ ఏడాది సూచీతో చూస్తే, ఖర్చులు పోను వచ్చిన ధర 2001 విలువకు సుమారు 8.4 రెట్లు దాటితే 12.5 శాతమే మేలు. అంతకు తక్కువ పెరిగిన చోట మాత్రమే పాత పద్ధతి పనికొస్తుంది. మీది ముప్పై రెట్లు దాటింది. వారసత్వ ఆస్తికి సూచీ నాన్నగారి కాలం నుంచి లెక్కించాలా, మీకు వచ్చిన 2016-17 నుంచా అనే వాదన ఒకటి ఉంది. హైకోర్టు తీర్పులు మొదటి దానికి అనుకూలంగా ఉన్నాయి. మీకు అనుకూలమైన పద్ధతి వేసినా 20 శాతం ఓడిపోతోంది కాబట్టి ఆ వాదన మీకు అనవసరం.

రూ.11,50,500తో అయిపోలేదు. మీ మొత్తం ఆదాయం రూ.50 లక్షలు దాటింది కాబట్టి పది శాతం సర్‌చార్జి, రూ.1,15,050. ఆ మొత్తం మీద నాలుగు శాతం సెస్సు, రూ.50,622. కలిపి రూ.13,16,172. జీతం మీద కూడా ఒక చిన్న దెబ్బ ఉంది. కొత్త పన్ను విధానంలో పన్నెండు లక్షల దాకా పన్ను లేదని మీరు ధీమాగా ఉండి ఉంటారు. ఆ రిబేటు మొత్తం ఆదాయం పన్నెండు లక్షల లోపు ఉన్నవాళ్లకే. భూమి లాభం కలిసి మీరు దాటిపోయారు కాబట్టి ఈ ఏడాది జీతం మీద కూడా పదివేల దాకా, దానిపై సర్‌చార్జి, సెస్సు పడతాయి.

దీన్ని తగ్గించుకునే దారి సెక్షన్ 54బి. పట్టణ వ్యవసాయ భూమి అమ్మి, ఆ తేదీ నుంచి రెండేళ్లలోపు మళ్లీ వ్యవసాయ భూమి కొంటే, కొన్న ఖరీదు మేరకు లాభం మీద పన్ను ఉండదు. కొత్త భూమి గ్రామీణమైనా పట్టణమైనా పర్వాలేదు. మీకు 2027 ఆగస్టు వరకు గడువుంది. ఉదాహరణకు రిజిస్ట్రేషన్ ఖర్చులతో సహా రూ.60 లక్షలకు పొలం కొన్నారనుకోండి. మిగిలే లాభం రూ.32,04,000. పన్ను రూ.4,00,500. మొత్తం ఆదాయం 50 లక్షల కిందికి దిగింది కాబట్టి సర్‌చార్జి కూడా పోయింది, సెస్సుతో కలిపి రూ.4,16,520. పదమూడు లక్షల నుంచి నాలుగుకు దిగింది.

దీనికి షరతు ఏమిటంటే, అమ్మిన భూమిని అంతకు ముందు రెండేళ్లూ మీరు గానీ మీ తల్లిదండ్రులు గానీ వ్యవసాయానికి వాడి ఉండాలి. అమ్మగారు ఊళ్లోనే ఉండి కూలీలతో వరి, తర్వాత మినుము వేయిస్తున్నారని రాశారు. అది చాలు. అదే పొలాన్ని కౌలుకు ఇచ్చేసి ఉంటే, వాడింది కౌలుదారు, మీరు కాదు అని అధికారి అభ్యంతరం పెట్టే అవకాశం ఉంది. కోస్తాలో సగం పొలాలు కౌలు మీదే నడుస్తాయి కాబట్టి మిగతా పాఠకులు ఈ మాట తేలిగ్గా తీసుకోవద్దు. రెండేళ్ల అడంగల్, ధాన్యం అమ్మిన రసీదులు, ఎరువుల బిల్లులు అమ్మగారి పేరిట ఉన్నవి ఒక చోట పెట్టండి.

రెండో చిక్కు తేదీలది. కొనాల్సింది అమ్మిన తర్వాత. బయానా చేతికి రాగానే ముందే పక్క పొలం రిజిస్టరు చేయించుకుని, ఆ తర్వాత తమది అమ్మినవాళ్లకు 54బి దక్కదు. కొత్త పొలం మీ పేరిటే కొనండి. రిటర్ను గడువు 2026 జూలై 31 లోపు కొనకపోతే, కొనదలచిన మొత్తాన్ని ఆ తేదీకి ముందే బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. మామూలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచి, పొలం కోసమే పెట్టానంటే ఒప్పుకోరు. కొన్నదాన్ని మూడేళ్లు అమ్మకండి. పొలం కొనే ఉద్దేశం లేకపోతే, అమ్మిన ఆరు నెలల్లోపు, అంటే 2026 ఫిబ్రవరిలోగా, ప్రభుత్వ సంస్థలు జారీ చేసే సెక్షన్ 54ఈసీ బాండ్లలో రూ.50 లక్షల వరకు పెట్టే దారి ఉంది. డబ్బు అయిదేళ్లు కదలదు, వడ్డీ తక్కువ. 54బి కుదిరే మనిషికి నేను దాన్ని రెండో దారిగానే చెబుతాను.

అమరావతిలో భూములిచ్చిన రైతులకు పన్ను లేదు కదా అని మీ బంధువు అడిగినట్టు రాశారు. అది రాజధాని భూసమీకరణ కోసం సెక్షన్ 10(37ఎ)లో ప్రత్యేకంగా ఇచ్చిన మినహాయింపు. మీది స్వచ్ఛందంగా ప్రైవేటు వ్యక్తికి అమ్మకం, దానికి వర్తించదు.

ఇది చదివేవాళ్లలో గీత అవతల, అంటే గ్రామీణ భూమి అమ్మినవాళ్లకు ఒక మాట. దూరం దాటినంత మాత్రాన సరిపోదు, అది అమ్మేనాటికి వ్యవసాయ భూమిగా కూడా ఉండాలి. భూమి మార్పిడి చేయించి, రాళ్లు పాతి, గజాల లెక్కన అమ్మితే అడంగల్‌లో వరి అని ఉన్నా నిలబడటం కష్టం. 1993లో సుప్రీంకోర్టు ఒక కేసులో, గృహనిర్మాణ సంఘానికి గజాల లెక్కన అమ్మిన భూమిని వ్యవసాయ భూమిగా ఒప్పుకోలేదు.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు, అందులో సెక్షన్ల నంబర్లు వేరు. మీ అమ్మకం 2025-26 ఆర్థిక సంవత్సరంలో జరిగింది కాబట్టి మీకు పాత చట్టమే. రిటర్ను ఐటీఆర్-2లో వేయాలి, మీరు ఏటా వేసే ఐటీఆర్-1 కుదరదు. సెప్టెంబరు 15 ముందస్తు పన్ను వాయిదా దాటిపోయింది, దానికి కొద్దిగా వడ్డీ పడుతుంది. డిసెంబరు 15 వాయిదా దాటనివ్వకండి. ఎంత భూమి కొంటారో అంచనా వేసుకుని మిగతా లాభం మీద కట్టండి.

చివరగా మీ కొనుగోలుదారు. గ్రామీణ భూమి అయితే ఆయన పన్ను కోత పెట్టనక్కర్లేదు, పట్టణ భూమి అయితే పెట్టాలి. ధర, ప్రభుత్వ విలువ రెండింటిలో ఎక్కువదాని మీద ఒక శాతం, అంటే రూ.1,02,000 పట్టుకుని 26క్యూబీ ఫారంతో ఆయన కట్టాల్సింది. మీరిద్దరూ గ్రామీణం అనుకున్నారు కాబట్టి ఆయన కట్టలేదు. ఇప్పుడే ఆయనతో మాట్లాడండి. మీరు ఆ అమ్మకాన్ని రిటర్నులో చూపి పన్ను కట్టి, చార్టర్డ్ అకౌంటెంటుతో 26ఎ ఫారం ధ్రువపత్రం ఇప్పిస్తే ఆయన మీద అసలు పోయి ఆలస్యానికి వడ్డీ మాత్రమే మిగులుతుంది. మీరు రిటర్నులో చూపకుండా ఊరుకుంటే, సబ్ రిజిస్ట్రారు ఆదాయపు పన్ను శాఖకు పంపే వివరాల్లో ఈ రూ.96 లక్షల దస్తావేజు ఎలాగూ ఉంటుంది, నోటీసులు ఇద్దరి ఇళ్లకూ వస్తాయి.